రొయ్యల చెరువు మీద కొత్త మనిషికి రాత్రి డ్యూటీ ఎస్‌ఓపీ రాసివ్వడం ఎలా?

ఉండి, ఆకివీడు, కాళ్ల వైపు నుంచీ, ఇటు కోనసీమలో అల్లవరం, కాట్రేనికోన వైపు నుంచీ రొయ్యల రైతులు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. పాత మనిషి ఊరెళ్లిపోయాడు, కొత్త కుర్రాడు వచ్చాడు, రాత్రి పని నోటితో ఎంత చెప్పినా సగమే గుర్తుంటోంది, కాగితం మీద ఎలా పెట్టాలి అని. ఇలా ఒక పనిని అడుగుల వారీగా రాసిపెట్టిన కాగితాన్నే ఎస్‌ఓపీ అంటారు. కొందరు ఏదో కంపెనీ ఎస్‌ఓపీ సంపాదించి, దాన్నే ప్రింటు తీసి మకాంలో తగిలిద్దామనుకుంటారు. అది పనికిరాదు. తెల్లవారుజామున మూడింటికి కరెంటు పోతే పేజీలు తిప్పుకునే టైము ఉండదు. అందులో రాసిన జనరేటర్ మీ జనరేటర్ కాదు, అందులో ఉన్న సూపర్‌వైజర్ మీ సూపర్‌వైజర్ కాదు.

ఇక్కడ ఒక్క పనికే ఎస్‌ఓపీ రాద్దాం. రాత్రిపూట చెరువులో ఆక్సిజన్ చూసుకోవడం, కరెంటు పోతే ఏరియేటర్లు మళ్లీ తిరిగేలా చేయడం. మేత వేయడం, నీళ్లు మార్చడం, పట్టుబడి లాంటివి వేరే కాగితాలు. అన్నీ ఒకే దాంట్లో కలిపితే ఏదీ చదవరు.

ఈ పని ఎందుకు జరుగుతుందో తెలియకపోతే అంకెలు పెట్టలేం కాబట్టి రెండు ముక్కలు. పగలు నీళ్లలోని ప్లాంక్టన్ ఎండకు ఆక్సిజన్ తయారు చేస్తుంది. రాత్రి అదే ప్లాంక్టన్ రొయ్యలతో పాటు ఆక్సిజన్ వాడుకుంటుంది. అందుకని నీళ్లలో కరిగిన ఆక్సిజన్, అంటే డీవో, సాయంత్రం నుంచి తగ్గుతూ వచ్చి, సూర్యోదయానికి ముందు బాగా కిందికి వస్తుంది. పగలంతా మబ్బు పట్టి ఉంటే ఆ రాత్రి ఇంకా తగ్గుతుంది. వనామీకి 4 పీపీఎం తగ్గకుండా చూసుకోవాలి. 3 కిందికి పోతే రొయ్య నీరసపడి మేత ముట్టదు. 2 దగ్గర ఎక్కువసేపు ఉంటే చావులు మొదలవుతాయి.

ముందుగా దగ్గర పెట్టుకోవలసినవి

- బాగా పనిచేసే డీవో మీటర్, దాని ప్రోబ్ తాడుకు కట్టడానికి ఎర్ర దారం
- ప్యానెల్ బోర్డు, చేంజోవర్ స్విచ్, జనరేటర్ ఫోన్‌తో తీసిన ఫొటోలు
- పెయింటు డబ్బా, చిన్న బ్రష్షు (స్టార్టర్లకు, ఏరియేటర్లకు నంబర్లు వెయ్యడానికి)
- గీతలు గీసిన రిజిస్టర్, పెన్ను, టార్చి
- ఆక్సిజన్ బిళ్లలు లేదా గుళికలు, ముందే తూచి కట్టిన పొట్లాలుగా
- అన్నిటికన్నా ముఖ్యంగా, ఇప్పటిదాకా ఆ పని చేసిన మనిషి ఒక రాత్రి. ఆయన వెళ్లిపోయుంటే ఫోన్లో అయినా దొరికించుకోండి.

1. ముందు చూడండి, తర్వాత రాయండి

ఇంట్లో కుర్చీలో కూర్చుని గుర్తున్నంతవరకు రాస్తే సగం అడుగులు జారిపోతాయి. ఎన్నో ఏళ్లుగా చేసే పనిలో చేతులు చేసేవి నోటికి రావు. ఒక రాత్రి మకాంలో ఉండి, తెలిసిన మనిషి చేస్తుంటే మాట్లాడకుండా చూసి రాసుకోండి. ఏ స్విచ్ ముందు ముట్టుకున్నాడు, ఎక్కడ ఆగి చెవి పెట్టి విన్నాడు, టార్చి ఎటు వేశాడు, అన్నీ. అనుభవం ఉన్న మనిషి గట్టు మీద నడుస్తూనే ఏరియేటర్ చప్పుడు తేడా పట్టేస్తాడు. మోటారు గుయ్‌మని మూలుగుతూ చక్రం తిరగకపోతే ఒక ఫేజ్ పోయిందని ఆయనకు తెలుసు, వెంటనే ఆపేస్తాడు. కొత్తవాడికి ఇది తెలియదు. మోటారు కాలిపోయాకే తెలుస్తుంది. ఇలాంటి ప్రతి చిన్న పనీ కాగితం మీద ఒక అడుగు కావాలి.

ఎందుకు చేశాడో మాత్రం మర్నాడు పగలు అడగండి. పని మధ్యలో అడిగితే ఆయన చేసే పద్ధతి మారిపోతుంది.

2. ఎవరు ఏం చెయ్యాలో తేల్చండి

చాలామంది దీన్ని ఒక్క లైనుతో దాటేస్తారు. ‘అవసరమైతే సూపర్‌వైజర్‌కి చెప్పాలి’ అని రాస్తారు. అవసరం అంటే ఏమిటో కొత్త కుర్రాడు ఎలా తేలుస్తాడు? అర్ధరాత్రి ఫోన్ చేస్తే తిడతారేమోనని భయం. జనరేటర్ వేస్తే డీజిల్ తగలేశావంటారేమోనని ఇంకో భయం. ఆ భయంతో అరగంట చూస్తాడు. కల్చర్ చివర్లో, రొయ్య బరువెక్కిన చెరువుకి ఆ అరగంట చాలా ఎక్కువ.

అందుకని బాధ్యతలను మూడు వరసల్లో రాయండి. కొత్తవాడు ఎవరినీ అడక్కుండా చెయ్యాల్సినవి మొదటి వరస. ఫోన్ చేసి చెప్పి చెయ్యాల్సినవి రెండో వరస. ఎవరు చెప్పినా అతను ముట్టుకోకూడనివి మూడో వరస.

మా లెక్కలో ఏరియేటర్లన్నీ వెయ్యడం, కరెంటు పోతే జనరేటర్ వెయ్యడం మొదటి వరసలోనే ఉండాలి. ముందు వేసి, తర్వాత చెప్పాలి. అక్కర్లేకుండా జనరేటర్ తిరిగితే కొంత డీజిల్ పోతుంది, అవసరమైనప్పుడు తిరగకపోతే పంట పోతుంది. ఈ మాట కాగితం మీద రాసి, కింద యజమాని సంతకం పెట్టండి. ఆ సంతకం చూసినప్పుడే కొత్తవాడికి ధైర్యం వస్తుంది. నీళ్లు మార్చడం, ఆక్సిజన్ పొట్లం తప్ప వేరే మందు చల్లడం రెండో వరస. ప్యానెల్ బోర్డు మూత తియ్యడం, వైరు అతికించడం, పడిపోయిన బ్రేకర్ మళ్లీ పైకెత్తడం, నీళ్లలోకి దిగి ఏరియేటర్ సర్దడం మూడో వరస.

బ్రేకర్ విషయంలో కొందరు ఒప్పుకోరు. ‘ఒకసారి ఎత్తి చూస్తే ఏమవుతుందండి, ఒట్టినే పడిందేమో’ అంటారు. అది తేల్చడం ఎలక్ట్రీషియన్ పని. వైరు తెగి నీళ్లలో పడి ఉంటే బ్రేకర్ పడి మనిషిని కాపాడింది. రాత్రిపూట ఒంటరిగా ఉన్న కొత్తవాడు దాన్ని మళ్లీ ఎత్తకూడదు. ఆ ఒక్క ఏరియేటర్ ఆగిపోయినా మిగతావి తిరుగుతాయి కదా.

ప్రతి పనికీ ఒక్క మనిషే ఉండాలి. ‘సుబ్బారావు గానీ రాంబాబు గానీ డీజిల్ చూస్తారు’ అని రాస్తే ఇద్దరూ చూడరు. పేరు కన్నా హోదా రాయడం మంచిది: రాత్రి మనిషి, సూపర్‌వైజర్, యజమాని, ఎలక్ట్రీషియన్. పేర్లు, ఫోన్ నంబర్లు కింద విడిగా ఒక డబ్బాలో రాస్తే, మనిషి మారినప్పుడు అదొక్కటే మార్చుకోవచ్చు. సూపర్‌వైజర్ ఫోన్ ఎత్తకపోతే ఎవరికి చెయ్యాలో కూడా రాయండి. రెండుసార్లు చేసి ఎత్తకపోతే యజమానికి, అంతే.

3. మాటల చోట అంకెలు, గుర్తులు పెట్టండి

‘ఆక్సిజన్ తక్కువగా ఉంటే’ అని రాయకండి. ఎంత? ‘4 కంటే తగ్గితే’ అనండి. ‘ప్రోబ్ లోతుగా దించాలి’ అనకండి. రొయ్య అడుగున ఉంటుంది కాబట్టి అడుగు దగ్గరి అంకె కావాలి. అలాగని ప్రోబ్ బురదలో కూరుకుపోకూడదు. పగలే కొలిచి, తాడుకు అడుగు నుంచి జానెడు పైన ప్రోబ్ ఆగేలా ఎర్ర దారం కట్టండి. ‘దారం నీళ్లకు తగిలేదాకా దించాలి’ అని రాస్తే ఇక అనుమానం ఉండదు. నీళ్లు తగ్గించినా పెంచినా దారం మార్చాలి, ఆ పని సూపర్‌వైజర్‌ది.

ఎక్కడ కొలవాలో కూడా ఖాయం చెయ్యండి. ఏరియేటర్ పక్కనే కొలిస్తే అంకె బాగుంటుంది, చెరువు బాగుండకపోవచ్చు. ఏరియేటర్లకు దూరంగా ఉన్న చెక్ ట్రే బల్ల దగ్గర కొలిచేలా పెట్టి, అక్కడి గుంజకు ఎర్ర రంగు వెయ్యండి. స్టార్టర్ల మీద, వాటికి సంబంధించిన ఏరియేటర్ల మీద ఒకే నంబరు పెయింటుతో రాయండి. ఎస్‌ఓపీలో ‘3వ స్టార్టర్’ అంటే చీకట్లో కూడా వెతుక్కోకుండా దొరకాలి.

4. ఒక అడుగులో ఒకే పని, హెచ్చరిక అడుగు కన్నా ముందు

‘స్టార్టర్లు ఆఫ్ చేసి, చేంజోవర్ తిప్పి, జనరేటర్ స్టార్ట్ చేసి, ఏరియేటర్లు వెయ్యాలి.’ ఇది ఒక వాక్యంలో ఉన్న నాలుగు అడుగులు. మధ్యలో ఫోన్ మోగితే ఎక్కడ ఆగాడో అతనికే తెలియదు. విడగొట్టండి. ప్రతి అడుగూ చేత్తో చేసేదో, కంటితో చూసేదో అయ్యుండాలి. ‘జాగ్రత్త వహించాలి’, ‘సరిచూసుకోవాలి’ అనేవి అడుగులు కావు. ‘సరిచూడు’ అని రాస్తే కొత్త కుర్రాడు ‘ఏం సరిచూడాలండి?’ అని అడుగుతాడు. అడిగేవాడు నయం, అడగనివాడు టిక్కు పెట్టేసి వెళ్లిపోతాడు.

హెచ్చరికలన్నీ చివర్లో ఒక పేజీలో పెట్టడం మరో అలవాటు. చదివే మనిషి వరసగా చదువుతూ చేసుకుపోతాడు. ‘తడి చేతులతో ముట్టుకోకూడదు’ అన్న మాట దగ్గరికి వచ్చేసరికి ముట్టుకోవడం అయిపోయి ఉంటుంది. అందుకని ప్రమాదం ఉన్న అడుగుకి సరిగ్గా పైన, ఎర్ర ఇంకుతో, మూడు సంగతులు రాయండి: ఏం చెయ్యకూడదు, చేస్తే ఏమవుతుంది, బదులు ఏం చెయ్యాలి. ప్రాణానికి ముప్పు ఉన్నవాటికి మాత్రమే ఎర్ర ఇంకు వాడండి. మీటర్ కింద పడెయ్యొద్దు లాంటివి కూడా ఎర్రగా రాస్తే కరెంటు హెచ్చరిక వాటిలో కలిసిపోతుంది.

5. రాసిన తర్వాత ఇలా ఉంటుంది

ఉదాహరణకి రెండెకరాల వనామీ చెరువు, ఆరు ఏరియేటర్లు, ఒక జనరేటర్ ఉన్న మకాం అనుకుందాం. రాత్రి మొదట్లో నాలుగే తిరుగుతుంటాయి. ఇందులోని అంకెలు మీ టెక్నీషియన్‌తో కూర్చుని మీ చెరువుకి సరిపెట్టుకోండి. రొయ్యలు ఎక్కువ వేసిన చెరువుకి ఇంకా ముందే హడావుడి పడాలి.

*రాత్రి ఆక్సిజన్ డ్యూటీ, 2వ చెరువు*

*ఎవరు చెయ్యాలి:* రాత్రి మనిషి. *ఎప్పుడు:* రాత్రి 10, 1, 3, 5 గంటలకు. పగలు మబ్బు పట్టినా, వాన పడినా గంటకోసారి.

*అ. మీటర్ చూడటం*

1. టార్చి, మీటర్, రిజిస్టర్ తీసుకుని ఎర్ర గుంజ దగ్గరి బల్ల మీదికి వెళ్లాలి.
2. మీటర్ ఆన్ చెయ్యాలి.
3. ఎర్ర దారం నీళ్లకు తగిలేదాకా ప్రోబ్ దించాలి.
4. అంకె ఒకచోట నిలిచేదాకా ప్రోబ్‌ని మెల్లగా కదుపుతూ ఉండాలి.
5. అంకె, టైము బల్ల మీదే రిజిస్టర్‌లో రాయాలి. మకాంకి వచ్చాక రాయకూడదు.
6. టార్చి గట్టు వెంబడి వెయ్యాలి. రొయ్యలు పైకి తేలుతున్నాయా, గట్టు అంచుకి చేరాయా చూడాలి.
7. అంకెని బట్టి ఇలా చెయ్యాలి:
   - 5 లేదా ఎక్కువ: ఉన్నవి అలాగే తిరగనివ్వాలి.
   - 4 నుంచి 5 లోపు: ఆరు ఏరియేటర్లూ వెయ్యాలి. అరగంటకి మళ్లీ చూడాలి.
   - 4 కంటే తక్కువ: ఆరూ వెయ్యాలి. సూపర్‌వైజర్‌కి ఫోన్ చెయ్యాలి. అరగంటకోసారి చూడాలి. సూపర్‌వైజర్ చెప్పేదాకా పొద్దున మేత వెయ్యకూడదు.
   - 3 కంటే తక్కువ, లేదా అంకె ఎంతున్నా రొయ్యలు పైకి తేలితే: ఆరూ వెయ్యాలి. ఆక్సిజన్ పొట్లం ఒకటి గట్టు మీద నుంచే చల్లాలి. సూపర్‌వైజర్‌కి, ఎత్తకపోతే యజమానికి ఫోన్ చెయ్యాలి.
8. మీటర్ పనిచెయ్యకపోతే ఆరూ వేసి సూపర్‌వైజర్‌కి ఫోన్ చెయ్యాలి. అంకె ఊహించి రాయకూడదు.

*ఆ. కరెంటు పోతే (ఎవరినీ అడగక్కర్లేదు, వెంటనే మొదలుపెట్టాలి)*

హెచ్చరిక: తడి చేతులతో, తడి నేల మీద నిలబడి ప్యానెల్ ముట్టుకోకూడదు. షాక్ కొట్టి ప్రాణం పోతుంది. చేతులు తుడుచుకుని, చెప్పులతో, ప్యానెల్ ముందున్న రబ్బరు మ్యాట్ మీద నిలబడాలి.

1. ఆరు స్టార్టర్లూ ఆఫ్ చెయ్యాలి.
2. చేంజోవర్ స్విచ్ మధ్యలోకి (ఆఫ్) తిప్పాలి.
3. జనరేటర్ స్టార్ట్ చెయ్యాలి. మూడుసార్లకీ స్టార్ట్ కాకపోతే ఆపి, పొట్లం ఒకటి చల్లి, సూపర్‌వైజర్‌కి ఫోన్ చెయ్యాలి.
4. రెండు నిమిషాలు ఆగాలి.
5. చేంజోవర్ స్విచ్ జనరేటర్ వైపు తిప్పాలి.
6. 1వ స్టార్టర్ వెయ్యాలి. ఏరియేటర్ పూర్తి వేగం అందుకున్నాక 2వది వెయ్యాలి. ఇలా ఆరూ, ఒకదాని తర్వాత ఒకటి.
7. టార్చి వేసి ఆరు చక్రాలూ నీళ్లు చిమ్ముతున్నాయా చూడాలి. మోటారు మూలుగుతూ చక్రం తిరగకపోతే ఆ స్టార్టర్ వెంటనే ఆఫ్ చెయ్యాలి.
8. కరెంటు పోయిన టైము, ఏరియేటర్లు తిరిగిన టైము రాయాలి.
9. సూపర్‌వైజర్‌కి ఫోన్ చెయ్యాలి.

హెచ్చరిక: జనరేటర్ తిరుగుతుండగా డీజిల్ పొయ్యకూడదు, దగ్గర బీడీ వెలిగించకూడదు, మంటలు అంటుకుంటాయి. డీజిల్ సాయంత్రమే నింపి ఉంచాలి. జనరేటర్ గదిలో పడుకోకూడదు. పొగలోని విషవాయువు నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

*ఇ. కరెంటు తిరిగి వచ్చాక*

1. ఆరు స్టార్టర్లూ ఆఫ్ చెయ్యాలి.
2. చేంజోవర్ స్విచ్ మధ్యలోకి, తర్వాత లైన్ కరెంటు వైపు తిప్పాలి.
3. స్టార్టర్లు ఒక్కొక్కటిగా వెయ్యాలి.
4. చక్రాలు ఎప్పటిలాగే ఒకే వైపుకి తిరుగుతున్నాయా చూడాలి. వెనక్కి తిరుగుతుంటే ఆఫ్ చేసి, చేంజోవర్ మళ్లీ జనరేటర్ వైపు పెట్టి నడిపించాలి. సూపర్‌వైజర్‌కి చెప్పాలి.
5. అంతా బాగుంటే జనరేటర్ ఐదు నిమిషాలు ఒట్టిగా తిరగనిచ్చి ఆపాలి.

*ఈ. ఎవరికైనా షాక్ కొడితే*

మనిషిని ముట్టుకోకూడదు, నీళ్లలోకి దూకకూడదు. ముందు ఎర్ర రంగు వేసిన మెయిన్ ఆఫ్ చెయ్యాలి. జనరేటర్ మీద ఉంటే జనరేటర్ ఆపాలి. తర్వాత 108కి, యజమానికి ఫోన్ చెయ్యాలి.

చక్రాలు వెనక్కి తిరగడం గురించి కొత్తవాళ్లు నమ్మరు. లైను మీద పని చేసినప్పుడు ఫేజులు తారుమారైతే త్రీ ఫేజ్ మోటారు వెనక్కి తిరుగుతుంది. చప్పుడు మామూలుగానే ఉంటుంది, నీళ్లు మాత్రం అటు పోవాల్సినవి ఇటు పోతాయి. అందుకే చెవితో కాదు, కంటితో చూడమని రాయాలి.

మకాంలో జనరేటర్ లేనివాళ్లు ‘ఆ’ భాగం వేరేగా రాసుకోవాలి. పక్క చెరువు వాళ్లతో మాట్లాడుకుని జనరేటర్ పంచుకుంటే ఆ మనిషి ఫోన్ నంబరు, ఎంతసేపట్లో తెస్తారన్నది రాయండి. ‘ఏదో ఒకటి చూసుకోవాలి’ అని వదిలెయ్యకండి.

6. చదివించకండి, చేయించండి

రాసిన కాగితం బాగుందో లేదో మీరు చదివి చెప్పలేరు. మీకు పని తెలుసు కాబట్టి లేని అడుగు కూడా ఉన్నట్టే కనిపిస్తుంది. పగలు, ఎండగా ఉన్నప్పుడు, డీవో బాగున్న టైములో కొత్తవాడి చేతికి కాగితం ఇచ్చి, ‘కరెంటు పోయింది, చెయ్యి’ అనండి. మెయిన్ ఆపి పక్కన నిలబడండి. అతను ప్రమాదమైనది ముట్టుకోబోతే తప్ప నోరు విప్పకండి.

అతను ఆగిన ప్రతిచోటా కాగితంలో లోపం ఉన్నట్టు. చేంజోవర్ ముందు నిలబడి అటూ ఇటూ చూస్తున్నాడంటే మధ్యలో ఆఫ్ ఎక్కడో గుర్తు లేదన్నమాట. పెయింటుతో గుర్తు పెట్టండి. ఆరు స్టార్టర్లూ ఒకేసారి నొక్కేశాడంటే ‘ఒకదాని తర్వాత ఒకటి’ అన్న మాట కింద పడిపోయింది, ఒక్కో స్టార్టర్‌కి ఒక్కో అడుగు రాయండి. మోటార్లన్నీ ఒక్కసారి లేస్తే జనరేటర్ ఆ లోడు మొయ్యలేక ఆగిపోతుంది. కుర్రాడు జనరేటర్ పాడైందనుకుని ఖంగారు పడతాడు. మీ వాక్యం సరిచెయ్యండి, కుర్రాణ్ని కోప్పడకండి.

ఆ తర్వాత ఒక రాత్రి సూపర్‌వైజర్ పక్కనుండగా నిజం డ్యూటీలో చేయించండి. ఈ రెండూ అయ్యాకే ఒంటరిగా వదలండి.

చెరువుల మీద పనికి వచ్చేవాళ్లలో తెలుగు చదవడం రానివాళ్లు ఉంటారు, ఒడిశా నుంచి వచ్చినవాళ్లూ ఉంటారు. వాళ్లకి అడుగుకో ఫొటో పెట్టండి: ఏ స్విచ్, ఎటు తిప్పాలి, బాణం గుర్తుతో. అంకెలు చదవగలిగితే చాలు, డీవో భాగాన్ని రంగులతో చెప్పొచ్చు. 5, ఆపైన ఆకుపచ్చ, 4 నుంచి 5 లోపు పసుపు, 4 కింద నారింజ, 3 కింద ఎరుపు. అడుగులన్నీ అతని భాషలో ఎవరితోనైనా చదివించి వాట్సాప్ వాయిస్ మెసేజ్‌గా ఫోన్లో పెట్టించండి. హెచ్చరికలు మాత్రం అతని చేత తిరిగి చెప్పించుకోండి. ‘అర్థమైందా?’ అని అడిగితే ఎవరైనా ‘ఆయ్’ అనే అంటారు.

7. ఎక్కడ పెట్టాలి

‘ఆ’, ‘ఇ’, ‘ఈ’ భాగాలు ప్యానెల్ బోర్డు పక్కన, లామినేషన్ చేయించి, టార్చి వెలుగులో కనిపించేంత పెద్ద అక్షరాలతో. ‘అ’ భాగం రిజిస్టర్ అట్ట లోపలివైపు. మొదటి పేజీ కింద తేదీ వెయ్యండి. మార్చినప్పుడు పాత కాగితం చింపెయ్యండి. ఒక మకాంలో పాతదీ కొత్తదీ రెండూ వేలాడుతుంటే రాత్రి కంటికి ఏది పడితే అది చేస్తారు.

సరిగ్గా జరుగుతోందో లేదో రిజిస్టర్ చెబుతుంది

పొద్దున్నే రిజిస్టర్ తెరిచి అంకెల వరస చూడండి. నిజంగా కొలిచిన అంకెలు రాత్రి 10 నుంచి 5 దాకా దిగుతూ వస్తాయి. ఉదాహరణకి 6.1, 5.2, 4.6, 4.3. మధ్యలో ఏరియేటర్లు పెంచితే కాస్త నిలబడొచ్చు, పెరగొచ్చు కూడా. పెంచినట్టు పక్కన రాసి ఉండాలి. రాత్రంతా 5.0, 5.0, 5.0, 5.0 అని ఉంటే రెండే కారణాలు: మనిషి మంచం మీద నుంచి రాస్తున్నాడు, లేదా మీటర్ ఒకే అంకె దగ్గర ఆగిపోయింది.

ముందు మీటర్‌ని అనుమానించండి, తర్వాతే మనిషిని. మధ్యాహ్నం మూడింటికి ఎండలో మీరే వెళ్లి అదే చోట కొలవండి. తెల్లవారుజాము అంకె కన్నా బాగా ఎక్కువ రావాలి. రాకపోతే ప్రోబ్ పొర పాడైందో, క్యాలిబ్రేషన్ తప్పిందో అయ్యుంటుంది. కొన్ని మీటర్లలో నీటి ఉప్పదనం మనమే సెట్ చెయ్యాలి. అది సున్నా దగ్గర వదిలేస్తే ఉప్పునీటి చెరువులో అంకె ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. కొత్తవాడు 4.3 అని నిజాయితీగా రాసినా చెరువులో 4 లేకపోవచ్చు. క్యాలిబ్రేషన్, ఉప్పదనం సెట్టింగు సూపర్‌వైజర్ పనులుగా, వారానికోసారి, తేదీతో రాయండి. రాత్రి మనిషికి ఆ బటన్లు ముట్టుకునే పని లేదు.

కరెంటు పోయినప్పటి రెండు టైముల మధ్య ఎన్ని నిమిషాలున్నాయో కూడా చూడండి. మొదటి రాత్రులు ఎక్కువ పట్టడం మామూలే. రోజులు గడిచినా తగ్గకపోతే పోయి చూడండి: జనరేటర్ గది తాళం ఇంకెవరి దగ్గరో ఉండొచ్చు, బ్యాటరీ దిగిపోతుండవచ్చు, టార్చిలో సెల్స్ అయిపోయి ఉండొచ్చు. ఇలాంటివి కనిపిస్తే సాయంత్రం చెయ్యాల్సిన పనుల జాబితా ఒకటి ‘అ’ భాగానికి ముందు చేర్చండి: డీజిల్, జనరేటర్ బ్యాటరీ, రేడియేటర్ నీళ్లు, టార్చి, ఫోన్ ఛార్జింగు, తాళం చెవి.

సూపర్‌వైజర్‌కి వచ్చిన ఫోన్ల లెక్క కూడా రిజిస్టర్‌తో పోల్చండి. రిజిస్టర్‌లో 3.8 ఉండి ఆ టైములో ఫోన్ రాలేదంటే కుర్రాడు భయపడ్డాడు. రెండో అడుగులో చెప్పుకున్న సంతకం చూపించి, ‘ఈ అంకెకి ఫోన్ చెయ్యడం నీ డ్యూటీ, నిద్ర లేపినా ఏమీ అనం’ అని సూపర్‌వైజర్ చేతే చెప్పించండి. ఫోన్ వచ్చినా సూపర్‌వైజర్ ఎత్తలేదంటే మాట్లాడాల్సింది కుర్రాడితో కాదు.

ఏరియేటర్ కొత్తది దించినా, ప్యానెల్‌లో వైరింగు మారినా, జనరేటర్ మార్చినా, రొయ్య పెరిగి టెక్నీషియన్ అంకెలు మార్చమన్నా ఆ రోజే కాగితం మార్చండి. మార్చిన భాగాన్ని రాత్రి మనిషి చేత పగలు ఒకసారి చేయించి, తేదీ పక్కన అతని సంతకమో వేలిముద్రో తీసుకోండి.